పట్టీ బిగిస్తే నీళ్లు ఆగవు: ఈత గాగుల్స్, క్యాప్‌ల సంగతి

రోజూ ఈతకొట్టేవాళ్ల గాగుల్స్ కష్టాలు సాధారణంగా మూడు. నీళ్లు కారతాయి, లోపల ఆవిరి పడుతుంది, ఎండలో కళ్లు చెదురుతాయి. మొదటిదానికి ఎక్కువ మంది చేసే మందు స్ట్రాప్ ఇంకో మెట్టు బిగించడం. చాలాసార్లు ఆ బిగింపే కారుడును పెంచుతుంది. అది ఎందుకో అర్థమైతే కొనేటప్పుడు ఏం చూడాలో, పూల్‌లో ఏది సరిచేయాలో చాలావరకు మీకే తెలిసిపోతుంది.

గాగుల్స్‌ను ముఖానికి పట్టి ఉంచేది స్ట్రాప్ ఒక్కటే కాదు. లెన్స్ చుట్టూ ఉండే మెత్తని సిలికాన్ అంచును గాస్కెట్ అంటారు. దాన్ని కంటి గుంట చుట్టూ ఉన్న చర్మానికి ఆనించి నెమ్మదిగా నొక్కితే లోపలి గాలి కొంచెం బయటికి పోతుంది. వేలు తీయగానే అంచు తన ఆకారానికి తిరిగి రావాలని చూస్తుంది. లోపలి గాలి పీడనం బయటికంటే కాస్త తగ్గి ఉంటుంది కాబట్టి గాగుల్స్ చర్మానికి అంటుకుని నిలబడతాయి. నీళ్లలోకి దిగాక బయటి నీటి పీడనం కూడా వాటిని లోపలికే నొక్కుతుంది. స్ట్రాప్ చేయాల్సిన పని ఆ గాస్కెట్‌ను దాని చోటు నుంచి జరగకుండా చూడటమే.

కాబట్టి కొలత సరిపోయిందో లేదో చూసేటప్పుడు స్ట్రాప్‌ను అసలు తలకు పెట్టకండి. ముఖం తుడుచుకుని, క్రీమ్, చెమట లేకుండా చూసుకుని, గాగుల్స్‌ను రెండు కళ్లమీద ఆనించండి. రెండు చేతుల బొటన వేళ్లతో లెన్స్‌లను మెత్తగా నొక్కి వదిలేయండి. ముఖం నిటారుగా ఉంచి చూడండి. 2, 3 సెకన్లు వాటంతటవే నిలబడితే గాస్కెట్ ఆకారం మీ ముఖానికి సరిపోయినట్టే. ముఖం పైకెత్తి ఈ పరీక్ష చేస్తే బరువు మీదే నిలిచిపోతాయి, అది లెక్కలోకి రాదు. వెంటనే పడిపోతే ఏ వైపు ముందు వదిలిందో గమనించండి. మనిషి ముఖంలో రెండు కంటి గుంటలూ అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి, ఒక వైపు పట్టి ఇంకో వైపు వదలడం చాలా మామూలు.

పట్టు దొరికినంత మాత్రాన పరీక్ష అయిపోలేదు. కళ్లు రెండు మూడుసార్లు గట్టిగా మూసి తెరవండి. కనురెప్పల వెంట్రుకలు లెన్స్‌కు తగులుతుంటే ఆ గాగుల్స్ లోతు మీకు చాలదు. తగిలిన ప్రతిసారీ యాంటీ ఫాగ్ పూత గీసుకుపోతుంది, నూనె జిడ్డు అంటుతుంది. తర్వాత నోరు తెరిచి, నవ్వి చూడండి. ఫ్రీస్టైల్‌లో ఊపిరి పీల్చేటప్పుడు చెంప ఎలా కదులుతుందో అదే కదలిక ఇది. నవ్వగానే కింది అంచు లేస్తే ఆ గాస్కెట్ మీ చెంప ఎముక మీదికి ఎక్కి కూర్చుంటోందన్న మాట. కంటి గుంట లోపల కూర్చునే చిన్న సైజుకు గానీ, చెంప మీదికి వెడల్పుగా పరుచుకునే పెద్ద సైజుకు గానీ మారాలి. మధ్యలో ఎముక అంచు మీదే కూర్చునేదే అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఇక్కడ ఆరోగ్యానికి సంబంధించిన మాట ఒకటి. కంటి గుంటలోకి బాగా లోపలికి దిగే చిన్న గాగుల్స్ కంటి లోపలి ఒత్తిడిని కొంత పెంచుతాయి. గ్లాకోమా ఉన్నవాళ్లు, దానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ముఖం మీద వెడల్పుగా ఆనే పెద్ద ఫ్రేమ్ తీసుకుని, ముందుగా కంటి డాక్టరును అడగాలి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి

కారే గాగుల్స్‌ను సరిచేయడానికి ముందు అవి ఏ మూల నుంచి కారుతున్నాయో తెలియాలి. ఒక ల్యాప్ పూర్తిచేసి, గోడ దగ్గర ఆగి, తల కదిలించకుండా నీళ్లు ఏ వైపు నుంచి జారుతున్నాయో గమనించండి. ముక్కు వైపు మూలా, బయటి కణత వైపా, కనుబొమ్మ పైనుంచా అన్నదాన్ని బట్టి కారణం మారిపోతుంది.

ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. ఒక ఈతగాడు ఉదయం 7 గంటలకు ఆరుబయట 50 మీటర్ల పూల్‌లో 1500 మీటర్లు, అంటే 30 ల్యాప్‌లు కొడతాడు. మొదటి 6 ల్యాప్‌లు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తర్వాత ఎడమ కంట్లో, ముక్కు వైపు మూల నుంచి చుక్క చుక్కగా నీళ్లు చేరతాయి. అతను స్ట్రాప్ ఒక మెట్టు బిగిస్తాడు. రెండు ల్యాప్‌లు బాగుండి మళ్లీ కారుతుంది. ఇంకో మెట్టు బిగిస్తాడు. 20వ ల్యాప్‌కల్లా కళ్ల చుట్టూ నొప్పి, అయినా నీళ్లు ఆగవు.

ఇక్కడ జరుగుతున్నది ఇది. స్ట్రాప్ గాగుల్స్‌ను వెనక్కి లాగుతుంది, కానీ లాగేది రెండు బయటి కొసల దగ్గర. మధ్యలో ముక్కు మీదున్న బ్రిడ్జ్ ఆ లాగుడుకు ఇరుసులా పనిచేస్తుంది. స్ట్రాప్ బిగిసేకొద్దీ కణత వైపు అంచు లోపలికి దిగిపోతుంది, ముక్కు వైపు అంచు పైకి లేస్తుంది. గాస్కెట్ కొంచెం వంగి పనిచేసేలా తయారవుతుంది. పూర్తిగా నలిగిపోతే దాని పలుచని పెదవి మడతపడి, ఆ మడత వెంట నీరు దారి చేసుకుంటుంది. ముక్కు మూల నుంచి కారేవాళ్లు బిగించేకొద్దీ ఎక్కువ కారడానికి కారణం ఇదే.

అతను చేయాల్సిన పని వరుసగా చెబుతాను. ముందు స్ట్రాప్‌ను 2 మెట్లు వదులు చేయాలి. తల వెనక స్ట్రాప్ కింద ఒక వేలు తేలిగ్గా దూరితే చాలినంత బిగువు ఉన్నట్టు. తర్వాత స్ట్రాప్ లేకుండా పట్టు పరీక్ష మళ్లీ చేయాలి. రెండు కళ్లూ నిలబడి, స్ట్రాప్ పెట్టాకే ముక్కు మూల లేస్తుంటే తప్పు గాస్కెట్‌ది కాదు, నోస్ బ్రిడ్జ్ కొలతది. స్ట్రాప్ లేకుండా కూడా ఎడమ కన్నే ముందు వదిలితే ఆ గాస్కెట్ ఆకారం ఆ కంటికి సరిపోలేదు, ఆ మోడల్‌ను వదిలేయాల్సిందే.

మార్చుకునే నోస్ బ్రిడ్జ్ ఉన్న గాగుల్స్‌తో మామూలుగా మూడు నాలుగు సైజులు పెట్టెలోనే వస్తాయి. ఫ్యాక్టరీలో తగిలించి పంపినదాన్నే చాలామంది ఏళ్ల తరబడి వాడేస్తారు, మిగతావి పెట్టెలోనే ఉండిపోతాయి. బ్రిడ్జ్ చాలా పొడవుగా ఉంటే రెండు లెన్స్‌లూ దూరం జరిగి, ముక్కు పక్కన కంటి మూలలో ఉండే పల్లం దగ్గర సందు మిగిలిపోతుంది. మరీ పొట్టిగా ఉంటే లోపలి అంచు ముక్కు వాలు మీదికి ఎక్కుతుంది, అక్కడ ఎర్రటి గీత పడుతుంది, మళ్లీ అదే మూల నుంచి నీళ్లు. రెండు కారణాలూ ఒకే చోట కారుడుగా కనబడతాయి కాబట్టి తేడా తెలిసేది గుర్తులను బట్టే. ఈత అయ్యాక అద్దంలో చూసుకోండి. ముక్కు రెండు పక్కలా లోతైన గీతలు ఉంటే పొట్టి బ్రిడ్జ్, ముక్కు దగ్గర గుర్తే లేకుండా కణతల వైపు మాత్రమే లోతుగా ఉంటే పొడవైన బ్రిడ్జ్ లేదా మరీ బిగిన స్ట్రాప్. ఒక సైజు మాత్రమే మార్చి, అదే బిగువుతో 8 ల్యాప్‌లు కొట్టి చూడాలి. ఒకేసారి బ్రిడ్జ్, స్ట్రాప్ రెండూ మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మన ఈతగాడి విషయంలో ఇంకో చిన్న ఆధారం ఉంది: మొదటి 6 ల్యాప్‌లు బాగుండటం. మొదటి నుంచీ కారితే కొలత తప్పు. కాసేపు ఆగి కారితే ఏదో మెల్లగా జరుగుతోందన్న మాట. అలా జరిగేవి ముఖ్యంగా మూడు. సన్‌స్క్రీన్ చెమటతో కలిసి గాస్కెట్ కిందికి జారడం, స్ట్రాప్ క్యాప్ మీద పైకి ఎక్కడం, క్యాప్ అంచు కనుబొమ్మల మీదికి దిగడం. ఎండలో ఈతకొట్టేవాళ్లు సన్‌స్క్రీన్ మానకూడదు. నీళ్లలో దిగే 20 నిమిషాల ముందు రాసుకుని, గాస్కెట్ కూర్చునే చోట మాత్రం తడి గుడ్డతో తుడిచేస్తే సరిపోతుంది.

గోడను తన్ని బయలుదేరినప్పుడు మాత్రమే కారితే గాగుల్స్‌ను అనుమానించకముందు తల ఎక్కడుందో చూసుకోండి. తన్నగానే ముందుకు చూడాలని తల ఎత్తితే వేగంగా వచ్చే నీటి ప్రవాహం పై అంచును నేరుగా తాకి లేపుతుంది. చేతుల మధ్య తల పెట్టి, చూపు పూల్ అడుగు మీద ఉంచితే అదే గాగుల్స్ కారవు. డైవ్‌లో ఊడిపోయే గాగుల్స్‌లో కూడా చాలాసార్లు తప్పు తలదే.

స్ట్రాప్ ఎత్తు కూడా లెక్కే. తల వెనక ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోటుకు కొంచెం పైన స్ట్రాప్ ఉండాలి. రెండు తాళ్లుగా చీలిన స్ట్రాప్ అయితే ఒకటి ఆ ఉబ్బెత్తుకు పైన, ఒకటి కింద పెట్టాలి. రెండూ ఒకేచోట ఉంటే చీల్చిన ప్రయోజనమే పోతుంది. స్ట్రాప్ మెడ మీదికి జారితే లాగుడు కిందికి మారి, పై అంచు లేచి కనుబొమ్మ వైపు నుంచి కారుతుంది.

క్యాప్ పాత్ర

క్యాప్ వేసుకుంటే జుట్టు తడవదని అనుకునేవాళ్లు చాలామంది. ఏ క్యాప్ అయినా అంచుల నుంచి నీళ్లను లోపలికి రానిస్తుంది. దాని పని జుట్టును ఒక చోట ఉంచడం, కళ్లకు అడ్డం రాకుండా చూడటం, నీటి ఒరిపిడి తగ్గించడం, పూల్ వడపోతలోకి వెంట్రుకలు పోకుండా ఆపడం. గాగుల్స్ వేసుకునేవాళ్లకు దానికి ఇంకో పని ఉంది, స్ట్రాప్ జారకుండా పునాదిలా ఉండటం.

సిలికాన్ క్యాప్ మందంగా ఉంటుంది, జుట్టును పెద్దగా లాగదు, ఎక్కువకాలం మన్నుతుంది. ఆరుబయట వెచ్చని నీళ్లలో తల వేడెక్కిస్తుందన్నదే దాని లోపం. లేటెక్స్ పలుచగా, చవకగా ఉంటుంది, కానీ జుట్టును పట్టి లాగుతుంది, త్వరగా చిరుగుతుంది, లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లకు పనికిరాదు. లైక్రా గుడ్డ క్యాప్ అన్నిటికంటే హాయిగా, చల్లగా ఉంటుంది, కానీ నీళ్లను పీల్చుకుని బరువెక్కి వదులవుతుంది. రోజూ 30, 40 నిమిషాలు ఎండలో నిదానంగా ఈదేవాళ్లకు లైక్రానే మేలని నా అభిప్రాయం. వేగంగా, టర్న్‌లు కొడుతూ ఈదేవాళ్లకు సిలికాన్. పొడవు జుట్టు ఉంటే వెనక ఎక్కువ చోటున్న లాంగ్ హెయిర్ క్యాప్ తీసుకోవాలి. మామూలు సైజులో జుట్టును కుక్కితే క్యాప్ ప్రతి ల్యాప్‌కూ కొంచెం కొంచెంగా పైకి జరిగి, వెనక నుంచి స్ట్రాప్‌ను కూడా లాక్కుపోతుంది. ముడిని నడినెత్తిన పెట్టకుండా తల వెనక భాగంలో, స్ట్రాప్ వెళ్లే దారికి కొంచెం పైన పెట్టాలి. అప్పుడు ఆ ముడే స్ట్రాప్ పైకి జారకుండా ఆపుతుంది.

వేసుకునేటప్పుడు జుట్టు తడిపి, రెండు అరచేతులూ క్యాప్ లోపల పెట్టి విప్పార్చి, ముందు అంచును నుదుటి మధ్యలో ఆనించి వెనక్కి లాగాలి. గోళ్లతో కాకుండా వేళ్ల మెత్తని భాగంతో పట్టుకోవాలి, సిలికాన్ చిరిగేది ఎక్కువగా గోటి గాటు దగ్గర నుంచే. అన్నీ సర్దాక క్యాప్ ముందు అంచుకూ గాగుల్స్ పై అంచుకూ మధ్య ఒక వేలు వెడల్పు చర్మం కనిపించాలి. క్యాప్ అంచు గాగుల్స్ కిందికి పోయిందంటే అక్కడ రెండు పొరలు కలిసిన మెట్టు తయారవుతుంది, గాస్కెట్ ఎంత మంచిదైనా ఆ మెట్టు పక్కన సందు తప్పదు. మన ఈతగాడు ముందుగా పరీక్షించాల్సింది నిజానికి ఇదే, ఎందుకంటే దీనికి ఏ ఖర్చూ లేదు. క్యాప్ తీసేసి 8 ల్యాప్‌లు కొట్టి చూడాలి. కారడం ఆగితే దోషం క్యాప్‌ది.

స్ట్రాప్‌ను క్యాప్ మీద పెట్టాలా, కింద పెట్టాలా అన్న ప్రశ్నకు రెండూ సరైన సమాధానాలే. పైన పెడితే తీసి వేసుకోవడం సులువు, కానీ తడి సిలికాన్ మీద తడి సిలికాన్ జారుతుంది. కింద పెడితే స్ట్రాప్ జుట్టును పట్టుకుని కదలదు, పైగా క్యాప్ దాన్ని అదిమిపెడుతుంది. మధ్యలో గాగుల్స్ తీయాలంటే మాత్రం క్యాప్ కూడా విప్పాలి. పోటీల్లో కొందరు రెండు క్యాప్‌లు వేసుకుని మధ్యలో స్ట్రాప్ పెట్టేది ఇందుకే.

ఆవిరి ఎందుకు పడుతుంది

గాగుల్స్ లోపలి గాలి చర్మం వేడితో, కంటి తడితో వెచ్చగా, తేమగా ఉంటుంది. లెన్స్ బయటి వైపు నీళ్లు తాకుతూ ఉంటాయి కాబట్టి అది చర్మం కంటే చల్లగా ఉంటుంది. ఆ తేమ చల్లని లెన్స్ లోపలి ముఖానికి తగిలి సన్నని బిందువులుగా మారుతుంది. ఒక్కొక్క బిందువు కాంతిని ఒక్కో దిక్కుకు చెదరగొడుతుంది, అందుకే తెల్లగా మసకబారుతుంది. యాంటీ ఫాగ్ పూత తేమను ఆపదు. నీటిని బిందువులుగా నిలవనీయకుండా పలుచని పొరగా పరిచేస్తుంది. నీరు అంతే ఉంటుంది, కానీ పొరగా ఉంటే దాని గుండా స్పష్టంగా కనబడుతుంది.

ఈ పూత ఎంత సున్నితమో తెలియక మొదటి వారంలోనే పోగొట్టుకుంటారు. మసకబారగానే వేలు పెట్టి తుడవడం దాని ప్రాణం తీస్తుంది. తడిగా ఉన్నప్పుడు పూత ఇంకా మెత్తబడి ఉంటుంది, ఒక్క తుడుపుకే చారలు పడతాయి. వేలి జిడ్డు, సన్‌స్క్రీన్ కూడా దాన్ని పనిచేయనీయవు. పూల్‌లో మసక వస్తే గాగుల్స్ కొంచెం ఎత్తి, లోపలికి పూల్ నీళ్లు కాసిని పోనిచ్చి ఆడించి పారబోయండి. వేలు పెట్టొద్దు.

వేసుకునే ముందు రెండు పనులు చేయండి. ముఖాన్ని నీళ్లతో తడిపి చల్లబరచండి, గాగుల్స్‌ను కూడా పూల్‌లో ఒకసారి ముంచి తీయండి. ఎండలో కాసేపు నడిచి వచ్చిన వేడి ముఖం మీద నేరుగా పెడితే తొలి 50 మీటర్లలోనే ఆవిరి పట్టేస్తుంది. సెట్ల మధ్య గాగుల్స్‌ను నుదుటి మీదికి తోసి పెట్టుకునే అలవాటు మానాలి. నుదుటి చెమట, వేడి రెండూ లోపలే చేరతాయి. విశ్రాంతి తీసుకుంటే కళ్ల మీదే ఉంచుకోండి, లేదా తీసి నీళ్లలో పెట్టుకోండి.

పూత పోయాక మళ్లీ వేయవచ్చు. యాంటీ ఫాగ్ స్ప్రే కొట్టేటప్పుడు లెన్స్ శుభ్రంగా, పూర్తిగా ఆరి ఉండాలి. లోపలి వైపు కొట్టి, కొన్ని నిమిషాలు ఆరనిచ్చి, వేసుకునే ముందు నీళ్లతో ఒకసారి మాత్రమే కడగాలి. బేబీ షాంపూ కూడా పనిచేస్తుంది. ఒక్కో లెన్స్‌కు ఒక్క చుక్క, వేలి కొసతో తేలిగ్గా పరిచి, నిమిషం ఆగి, చల్లని నీళ్లతో నురుగు పోయేదాకా కడగాలి. నురుగు మిగిలితే కళ్లు మండుతాయి. అసలు పూత ఇంకా బాగున్న గాగుల్స్‌కు మాత్రం ఈ రెండూ వద్దు. టూత్‌పేస్ట్ ఎప్పుడూ వాడకండి, దానిలోని రాపిడి పదార్థం లెన్స్‌ను గీస్తుంది. ఈత అయ్యాక మంచినీళ్లలో ముంచి, దులిపి, నీడలో గాలికి ఆరబెట్టండి. తడిగానే డబ్బాలో మూసేస్తే క్లోరిన్ నీరు అక్కడే ఎండి పూతనూ గాస్కెట్‌నూ తినేస్తుంది.

కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు వాటితో పూల్‌లో దిగకూడదు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్స్ కింద చేరితే కంటి నల్లగుడ్డుకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ వస్తుంది. గాగుల్స్ ఎప్పుడైనా కారవచ్చు కాబట్టి వాటిని నమ్ముకోకూడదు. పవర్ ఉన్న గాగుల్స్ రెండు కళ్లకూ వేర్వేరు పవర్‌తో దొరుకుతాయి. సరిగ్గా మీ పవర్ దొరక్కపోతే దానికంటే కొంచెం తక్కువది తీసుకోండి.

ఎండలో ఏ రంగు

లెన్స్ ముదురు రంగుకూ అతినీలలోహిత కిరణాలను ఆపడానికీ సంబంధం లేదు. లెన్స్‌లు ఎక్కువగా పాలీకార్బొనేట్‌తో చేస్తారు, ఆ పదార్థం తనంతట తానే ఆ కిరణాల్లో ఎక్కువ భాగాన్ని ఆపుతుంది. రంగులేని లెన్స్ కూడా ఆపుతుంది. పెట్టె మీద యూవీ రక్షణ ఉందో లేదో విడిగా చదవాలి. ఆ రక్షణ లేని చవక ముదురు లెన్స్ ఇంకా చెడ్డది, చీకటికి కంటిపాప విప్పారి ఎక్కువ కిరణాలను లోపలికి రానిస్తుంది.

రంగు ఎంచుకోవాల్సింది మీరు ఈదే గంటను బట్టి. తెల్లవారకముందు, మబ్బు పట్టినప్పుడు రంగులేనిది లేదా లేత నీలం. ఎండెక్కాక పొగ రంగులో ఉండే స్మోక్ లేదా మిర్రర్. మిర్రర్ లెన్స్ అంటే బయటి వైపు లోహపు పలుచని పొర ఉన్నది. అది కొంత కాంతిని వెనక్కి పంపేస్తుంది, కానీ అసలు చీకటి ఆ పొర కింద ఉన్న రంగును బట్టి ఉంటుంది. లేత నీలం మీద మిర్రర్ ఒకలా, స్మోక్ మీద మిర్రర్ మరోలా ఉంటుంది. అందుకే బయటి మెరుపు చూసి కాకుండా కళ్లకు పెట్టుకుని లోపలి నుంచి చూసి తీసుకోవాలి.

మరీ ముదురుగా ఉందో లేదో పూల్‌లోనే తేల్చుకోవచ్చు. పోటీ పూల్స్‌లో లేన్ మధ్య నల్లని గీత గోడకు 2 మీటర్ల ముందు ఆగి, అడ్డగీతతో ముగుస్తుంది. టర్న్ ఎక్కడ తీయాలో దాన్ని చూసే నిర్ణయించుకుంటాం. నీడ పడిన లేన్‌లో ఈదుతూ ఆ అడ్డగీత కళ్లు చికిలించకుండా, ఆలోచించకుండా కనబడితే లెన్స్ సరిపోయింది. గోడ దగ్గర ఒక్క క్షణం తడబడుతున్నారంటే లెన్స్ చాలా ముదురు, అది మధ్యాహ్నానికి పెట్టుకోండి.

పోలరైజ్డ్ లెన్స్‌కు ఎక్కువ డబ్బు పెట్టేముందు ఇది ఆలోచించండి. అది నీటి ఉపరితలం మీద నుంచి వచ్చే తళుకును తగ్గిస్తుంది. పూల్‌లో ఫ్రీస్టైల్ ఈదేవాళ్లు ఎక్కువసేపు కిందికే చూస్తారు, అక్కడ ఆ తళుకే ఉండదు. ఊపిరికి తల పక్కకు తిప్పినప్పుడు లెన్స్ కూడా తిరిగిపోతుంది, ఆ కోణంలో పోలరైజేషన్ ఇచ్చే లాభం చాలావరకు పోతుంది. కొన్ని డిజిటల్ వాచీల ఎల్‌సీడీ తెరలు కూడా కొన్ని కోణాల్లో నల్లగా కనిపిస్తాయి. చెరువులో, సముద్రంలో తల ఎత్తి దూరపు గుర్తులు చూసుకునేవాళ్లకు అది నిజంగా పనికొస్తుంది. పూల్‌లో ల్యాప్‌లకు స్మోక్ చాలు.

మన ఈతగాడు ఉదయం 7 గంటలకు తూర్పు పడమరలుగా ఉన్న పూల్‌లో ఈదుతుంటే, తూర్పు వైపు వెళ్లే ల్యాప్‌లో ముందుకు చూసిన ప్రతిసారీ ఎండ ఎదురుగా కొడుతుంది. పడమర వైపు అలా ఉండదు. అతనికి లేత స్మోక్ సరిపోతుంది, పడమర ల్యాప్‌లో అడ్డగీత కనబడకుండా పోదు. బ్యాక్‌స్ట్రోక్ ఎక్కువగా చేసేవాళ్లు మిర్రర్ వైపు వెళ్లవచ్చు, వాళ్లు ఆకాశాన్నే చూస్తూ ఉంటారు. ఎంత ముదురు లెన్స్ అయినా నేరుగా సూర్యుణ్ని చూడటానికి పనికిరాదు. గోడకు 5 మీటర్ల ముందు పైన కట్టే జెండాల మీద చూపు ఉంచి, ఎండ నేరుగా కళ్లలో పడే గంటల్లో బ్యాక్‌స్ట్రోక్‌ను నీడ ఉన్న లేన్‌కు మార్చుకోవాలి.